గట్టు చూసి కొంటే చాలదు... ఊరి పటం పరచి చూడాలి

కోలారు సరిహద్దు తాలూకాల్లో పొలం కొనేవారికి సర్వే పటం, ఉపగ్రహ చిత్రం కలిసి చెప్పే సంగతులు

కోలారు: ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట, మాలూరు తాలూకాల్లో పొలాల బేరాలు జోరుగా సాగుతున్నాయి. బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌ రహదారి మాలూరు, బంగారుపేట, కేజీఎఫ్‌ల మీదుగా వెళ్లడం ఇందుకు ఒక కారణం. 2020లో కర్ణాటక ప్రభుత్వం భూసంస్కరణల చట్టం నుంచి 79ఎ, 79బి సెక్షన్లను తొలగించడం మరో కారణం. అంతకుముందు సేద్యం చేయనివారు, వేరే ఆదాయం పరిమితి దాటినవారు సాగుభూమి కొనడానికి ఈ సెక్షన్లు అడ్డుపడేవి. ఇప్పుడు ఆ అడ్డు లేదు. దాంతో బెంగళూరు ఉద్యోగులతో పాటు కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపు నుంచి కూడా కొనేవారు వస్తున్నారు.

వచ్చినవారికి మధ్యవర్తి చూపించే తీరు ఎక్కడైనా ఒకటే. గట్టు మీద నిలబడి ‘ఆ చింతచెట్టు నుంచి ఈ కంచె దాకా’ అని వేలు చాపుతాడు. ఆ తర్వాత కాగితాల సంచి తెరుస్తాడు. అందులో పహణీ ఉంటుంది, మ్యుటేషన్‌ కాపీ ఉంటుంది, ఈసీ ఉంటుంది. వకీలు అవన్నీ చూసి బాగున్నాయంటాడు. అడ్వాన్సు చేతులు మారుతుంది.

ఇక్కడే చిక్కుంది. ఆ కాగితాలన్నీ భూమి ఎవరిదో చెప్పేవే. ఆ భూమి ఎక్కడుందో చెప్పేది వాటిలో ఒక్కటీ లేదు. క్రయపత్రంలో చెక్కుబందీ ఉన్నా ‘తూర్పున వంక, పడమర ఫలానావారి పొలం’ అని రాసి వదిలేస్తారు. ఆ వంక ఇప్పుడు ఉందో లేదో, ఆ ఫలానావారి పొలం ఎన్ని చేతులు మారిందో అందులో కనిపించదు. కాగితంలోని సర్వే నెంబరు, వేలు చూపిన నేల ఒకటేనా? దీనికి జవాబు ఊరి సర్వే పటంలో ఉంటుంది. ఆ పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిస్తే ఇంట్లో కూర్చునే చాలావరకు తేల్చుకోవచ్చు. అయితే ఆ పని ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలియకపోతే మేలు కంటే గొడవే ఎక్కువ.

పటం ఎక్కడ దొరుకుతుంది

కర్ణాటక సర్వే, భూదాఖలాల శాఖ landrecords.karnataka.gov.in లో గ్రామ పటాలను ఉంచింది. జిల్లా, తాలూకా, హోబళి, గ్రామం ఎంచుకుంటే పాత పటం స్కాను కాపీ దిగుతుంది. పెద్ద ఊళ్లకు రెండు మూడు షీట్లు ఉంటాయి. అందులో సర్వే నెంబర్ల హద్దులతో పాటు చెరువు, కుంట, వంక, బండిదారి, ఊరి స్థలం, పొలిమేర రాళ్లు గుర్తులతో కనిపిస్తాయి.

ఇంత శ్రమ వద్దనుకునేవారికి ఫోనులో ‘దిశాంక్‌’ యాప్‌ ఉంది. కర్ణాటక రిమోట్‌ సెన్సింగ్‌ కేంద్రం దీన్ని తయారు చేసింది. పొలంలో నిలబడి తెరిస్తే కాళ్ల కింద ఉన్నది ఏ సర్వే నెంబరో చూపిస్తుంది. మొదటి పరీక్షకు ఇది చాలు. అమ్మేవారు 84 అంటున్నచోట ఫోను 91 చూపిస్తే అక్కడికక్కడే అడగవచ్చు. కాకపోతే పొలం నడిమధ్య నిలబడి చూడాలి. మామూలు ఫోను తానున్న చోటును ఆరుబయట కూడా నాలుగైదు మీటర్ల తేడాతోనే చెబుతుంది. గట్టు మీద నిలబడితే పక్క నెంబరు చూపించడం మామూలే. పైగా చాలాచోట్ల ఇందులో సర్వే నెంబరు హద్దే ఉంటుంది కానీ లోపలి హిస్సాల గీతలు ఉండవు. ఒక్క సర్వే నెంబరు నలుగురన్నదమ్ముల మధ్య పంచుకుని ఉంటే, ఎవరి ముక్క ఏదన్నది యాప్‌ చెప్పలేదు.

మరికొంచెం లోతుగా చూడాలంటే కంప్యూటర్‌లో గూగుల్‌ ఎర్త్‌ ప్రో వేసుకోవాలి. ఉచితంగా దొరుకుతుంది. దిగుమతి చేసుకున్న పటాన్ని బొమ్మగా, అంటే జేపీజీగా మార్చి, కొనదలచిన పొలం చుట్టూ ఒక కిలోమీటరు మేర మాత్రం కత్తిరించుకోవాలి. తర్వాత Add మెనూలో Image Overlay ఎంచుకుని ఆ బొమ్మను ఎక్కించాలి. అక్కడే ఉన్న మీటను జరిపితే పటం పలచబడి కింద ఉపగ్రహ చిత్రం కనిపిస్తుంది. పటం అంచుల్లో ఆకుపచ్చ గుర్తులు వస్తాయి. వాటిని పట్టుకుని పటాన్ని జరపవచ్చు, తిప్పవచ్చు, పెంచవచ్చు, తగ్గించవచ్చు.

ఊరంతటి పటాన్ని ఒకేసారి కూర్చోబెట్టాలని చూడడం తప్పు. మడతలు పడి, ముడుచుకుపోయి, ఆ తర్వాత స్కాను అయిన కాగితం అది. ఒక మూల సరిపోతే ఇంకో మూల తప్పుతుంది. మనకు కావలసిన పొలం చుట్టుపట్ల సరిపోతే చాలు.

దేన్ని చూసి అతికించాలి

పని మొత్తంలో కష్టమైనది ఇదే. పటంలోనూ చిత్రంలోనూ ఒకేలా ఉన్న చోట్లు కనీసం నాలుగు కావాలి. అవి పొలానికి నాలుగు దిక్కులా ఉండాలి. రెండూ ఒకే వైపు ఉంటే అటు అతుక్కుని ఇటు జారిపోతుంది.

ఏవి పనికొస్తాయి? సర్వే జరిగిన రోజుల్లో ఉండి ఇప్పటికీ చెదరనివి పనికొస్తాయి. చెరువు కట్ట రెండు కొసలు, తూము, పాత బావి, మూడు ఊళ్ల పొలిమేరలు కలిసే రాయి, పాత బండిదారులు కలిసే కూడలి లాంటివి. ఏవి పనికిరావు? జాతీయ రహదారి, కొత్త లేఅవుట్‌ రోడ్లు, ఈ మధ్య కట్టిన గుడి, ఇళ్లు. పాత పటంలో ఇవి ఉండవు. పటంలో బండిదారి ఉంది కదా అని దాన్ని పక్కనే వేసిన తారు రోడ్డు మీద కూర్చోబెడితే ఊరంతా ముప్పై నలభై మీటర్లు పక్కకు జరిగిపోతుంది. వంకను నమ్మడం కూడా అంత మంచిది కాదు. ఇసుక వంకలు దారి మార్చుకుంటాయి.

పటం సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి తేలిక పద్ధతి ఒకటుంది. అతికించడానికి వాడని గట్లను చూడాలి. చుట్టుపక్కల పది పన్నెండు పొలాల గట్లు చిత్రంలో సన్నని గీతలుగా, చెట్ల వరుసలుగా కనిపిస్తూనే ఉంటాయి. పటం గీతలన్నీ ఆ గట్లకు ఒకే వైపు, ఒకే దూరంలో తప్పితే ఆ తప్పు పటాన్ని కూర్చోబెట్టడంలోనిది. మళ్లీ జరపాలి. చుట్టూ ఉన్న గట్లన్నీ గీతలతో కలిసి, ఒక్క పొలం దగ్గరే తేడా వస్తే ఆ తేడా నేలమీదిది. అడగాల్సింది అక్కడే. ఈ రెంటినీ విడదీయడం తెలియనివారు తమ పని తప్పును పక్కరైతు ఆక్రమణగా లెక్కవేసి పంచాయితీకి ఎక్కే ప్రమాదం ఉంది.

ఎంతవరకు నమ్మవచ్చు

ఈ వైపు గ్రామ పటాలు సాధారణంగా మైలుకు ఎనిమిది అంగుళాల లెక్కన గీసినవి. అంటే పటంలో ఒక అంగుళం నేలమీద 660 అడుగులు. అదే ఒక మిల్లీమీటరు అయితే దాదాపు ఎనిమిది మీటర్లు. పాతకాలపు సిరా గీత అర మిల్లీమీటరు మందం ఉందనుకున్నా ఆ గీత ఒక్కటే నేలమీద నాలుగు మీటర్ల వెడల్పు. ఉపగ్రహ చిత్రం కూడా అచ్చంగా ఉండదు. వేర్వేరు సంవత్సరాల చిత్రాలు మార్చి చూస్తే అదే గుడి గోపురం కొన్ని మీటర్లు అటూ ఇటూ జరుగుతుంది. అందుకే పటాన్ని ఏ తేదీ చిత్రం మీద కూర్చోబెట్టారో కొలతలన్నీ ఆ చిత్రం మీదే తీసుకోవాలి.

దీన్నిబట్టి తేలేది ఒకటే. ఎకరాల్లో ఉన్న పొలం ఎక్కడుంది, దాని ఆకారం ఏమిటి, అందులోంచి వంకో దారో పోతోందా అన్నది ఈ పద్ధతి చెబుతుంది. 30-40 సైటు హద్దు సరిగా ఉందా అని అడిగితే చెప్పలేదు. ఆ సైటు వెడల్పే తొమ్మిది మీటర్లు. సగం గీతలోనే పోతుంది. పక్కవాడి గోడ రెండడుగులు లోపలికి వచ్చిందని కంప్యూటర్‌ తెర చూపి వాదించేవారి మాటకు విలువ లేదు.

ఒక పొలం లెక్క

ముళబాగిలు తాలూకాలోని ఒక పల్లెలో సర్వే నెంబరు 84 లో కొంత భూమి అమ్మకానికి ఉందనుకుందాం. పహణీలో నెంబరు మొత్తం విస్తీర్ణం 6.12 అని, బి-ఖరాబు 0.18 అని ఉంది. అమ్మేవారి వాటా 2.20.

సరిహద్దు దాటి వచ్చినవారు మొదట తడబడేది ఈ అంకెల దగ్గరే. చిత్తూరు, అనంతపురం వైపు లెక్కలో 2.20 అంటే రెండు ఎకరాల ఇరవై సెంట్లు. కోలారు పహణీలో అది రెండు ఎకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలన్నమాట. ముప్పై సెంట్ల తేడా. బళ్లారి 1953 దాకా మద్రాసు కింద ఉండడం వల్ల అక్కడ సెంట్ల వాడుక ఉంది. కనుక ఏ జిల్లా పహణీయో చూసుకుని మరీ లెక్క కట్టాలి.

గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు. అంటే 101 చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ. 6 ఎకరాల 12 గుంటలంటే 252 గుంటలు, సుమారు 25,500 చదరపు మీటర్లు. పటాన్ని కూర్చోబెట్టాక 84 నెంబరు గీత వెంబడి గూగుల్‌ ఎర్త్‌లోని కొలబద్దతో చుట్టూ గీస్తే 25,900 వచ్చింది. నూటికి రెండు కంటే తక్కువ తేడా. పటం సరిగ్గా కూర్చుందనడానికి ఇది మరో రుజువు. నూటికి పది తేడా వచ్చి ఉంటే పటం సాగిపోయిందనో, షీటు మారిందనో అనుకోవాలి.

ఇక అమ్మేవారు చూపించిన కంచెను చిత్రం మీద గీయాలి. రాతి కంబాల వరుస చిత్రంలో తేటగానే కనిపిస్తుంది. కాగితం ప్రకారం 100 గుంటలు, అంటే 10,117 చదరపు మీటర్లు రావాలి. వచ్చింది 11,700. అంటే 115 గుంటల పైమాటే. కంచె లోపల పదిహేను గుంటలు ఎక్కువ ఉన్నాయి. కొనేవారికి ఇది లాభంలా కనిపిస్తుంది. ‘కాగితంలో తక్కువున్నా అనుభవంలో ఎక్కువుంది సార్‌’ అని మధ్యవర్తి కూడా ఊరిస్తాడు. ఆ పదిహేను గుంటలు ఎక్కడివో తేలకుండా ముందుకు పోకూడదు.

పటాన్ని మళ్లీ పలచగా చేసి చూస్తే కంచెకు తూర్పు అంచున రెండు గీతల మధ్య వంక గుర్తు ఉంది. ఇప్పటి చిత్రంలో అక్కడ వంక లేదు, చదును చేసిన నేల ఉంది. గూగుల్‌ ఎర్త్‌లో గడియారం గుర్తు నొక్కితే పాత సంవత్సరాల చిత్రాలు వస్తాయి. పదిహేనేళ్ల వెనకటి చిత్రంలో అదేచోట పొదలతో నల్లటి చార కనిపిస్తుంది. పొడవు 130 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. లెక్క వేస్తే 1,560 చదరపు మీటర్లు, అంటే పదిహేను గుంటల చిల్లర. పహణీలోని 18 గుంటల బి-ఖరాబులో సింహభాగం ఇదే. వంకను పూడ్చి కంచెలో కలిపేశారు.

ఎ-ఖరాబు అంటే సాగుకు పనికిరాని నేల. బి-ఖరాబు సంగతి వేరు. వంక, దారి, చెరువు లాంటి జనం అవసరాలకు విడిచిన నేల అది. 1964 నాటి కర్ణాటక భూకందాయ చట్టం 67వ సెక్షన్‌ ప్రకారం దారులు, వంకలు, చెరువులు ప్రభుత్వానివి. వాటికి పైసలు పోసినా హక్కు రాదు. పూడ్చిన వంక తెరవాలని ఎప్పుడు ఉత్తర్వు వచ్చినా ఆ పదిహేను గుంటలతో పాటు దాని మీద వేసిన బోరు, కట్టిన గోడ కూడా పోతాయి. ఉత్తర్వు రాకపోయినా పెద్ద వాన వస్తే నీళ్లు పాతదారినే వెతుక్కుంటాయి.

ఈ ఉదాహరణలో తేడా పట్టించింది ఒక్క గీత కాదని గమనించాలి. గీత ఒక్కటే అయితే నాలుగు మీటర్ల అనుమానం ఉండనే ఉంటుంది. విస్తీర్ణం లెక్క, పటంలోని వంక గుర్తు, పాత చిత్రం, పహణీలోని ఖరాబు అంకె... ఈ నాలుగూ ఒకే చోటుకు వేలు చూపించాయి. అప్పుడే దాన్ని నమ్మాలి.

ఎండిన చెరువు మోసం

కోలారు జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. ఈ జిల్లా చెరువుల జిల్లా. ఏళ్ల తరబడి నీళ్లు లేక చాలా చెరువుల గర్భాలు పొలాల్లాగే కనిపించేవి. వాటిలో రాగి, కూరగాయలు పండించినవారూ ఉన్నారు. 2018లో కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన నీటిని కోలారు చెరువులకు మళ్లించడం మొదలైంది. ఎండిన చెరువులు కొన్ని మళ్లీ నిండాయి. కరువు ఏడాది చిత్రం చూసి పొలం అనుకున్నది ఆ తర్వాతి చిత్రంలో నీటి కింద ఉండవచ్చు.

అందువల్ల చెరువు దగ్గరి పొలమైతే ఒక్క చిత్రంతో తృప్తి పడకూడదు. 2018కి ముందుది ఒకటి, తర్వాత మంచి వాన పడిన ఏడాదిది ఒకటి చూడాలి. నీటి అంచు ఎంతదాకా వచ్చిందో గమనించి, దాన్ని పటంలోని చెరువు గీతతో పోల్చాలి. నీళ్లు గీత దాటి పొలం నెంబర్లోకి వస్తే అది మునక భూమి. నీళ్లు గీతకు లోపలే ఆగినా, అమ్మేవారి కంచె గీత దాటి చెరువులోకి పోయి ఉంటే అది ఆక్రమణ. రెండూ వేర్వేరు సమస్యలు. మొదటిది ధర తగ్గించి అడగాల్సినది. రెండోది వదులుకోవాల్సినది.

తెర మీద తేలాక ఏం చేయాలి

ఇంట్లో చేసిన ఈ పనికి కోర్టులో గానీ సర్వే ఆఫీసులో గానీ చెల్లుబాటు లేదు. దిశాంక్‌ చూపించేది కూడా సమాచారం కోసమే. హద్దు తేల్చేది సర్వేయరు కొలతే. ఆ కొలతకు మూలం గ్రామ పటం కాదు, టిప్పణి. ప్రతి సర్వే నెంబరును గొలుసుతో కొలిచినప్పుడు రాసిపెట్టిన దూరాలు అందులో ఉంటాయి. మొత్తం విస్తీర్ణం, ఖరాబు ఎంత అన్నది ఆకారబంద్‌లో ఉంటుంది. పహణీ అంకె ఆకారబంద్‌తో కలవకపోతే ముందు అది సరిచేయించుకోమని అమ్మేవారికే చెప్పాలి.

సర్వే నెంబరులో కొంత భాగమే కొంటున్నప్పుడు 11ఇ నక్షా కావాలి. నాడకచేరిలో అర్జీ ఇస్తే సర్వేయరు వచ్చి, అమ్మే ముక్కను కొలిచి, విడిగా గీసి ఇస్తాడు. మన ఉదాహరణలో 2 ఎకరాల 20 గుంటలు వంకను వదిలేసి ఎక్కడ పడుతుందో ఆ నక్షాలో తేలుతుంది. మొత్తం నెంబరు కొంటున్నా, గట్ల మీద అనుమానం ఉన్నా హద్దుబస్తు అర్జీ పెట్టించాలి. పక్క రైతులకు నోటీసులు ఇచ్చి వారి ఎదుటే కొలిచి రాళ్లు చూపిస్తారు. ఈ అర్జీ పెట్టాల్సింది హక్కుదారు కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే అడగడం మేలు. ఇచ్చేశాక అడిగితే ‘రిజిస్టరు అయ్యాక చూద్దాం’ అనే మాటే వినిపిస్తుంది.

ఇంట్లో చేసిన పని సర్వేయరు వచ్చిన రోజున అక్కరకొస్తుంది. ఏ మూల అనుమానం ఉందో, పటంలో ఏ వంక ఉందో ముందే తెలిసి ఉంటే ‘ఈ తూర్పు అంచు కొలిచి చూపించండి’ అని అడగవచ్చు. తెలియనివారు సర్వేయరు గొలుసు వెంట నడిచి సంతకం పెట్టి వస్తారు.

పక్క రాష్ట్రాల్లో

హోసూరు, కృష్ణగిరి వైపు కొనేవారికి పని ఇంకొంచెం సులువు. తమిళనాడులో ప్రతి సర్వే నెంబరుకూ ఎఫ్‌ఎంబీ నక్షా eservices.tn.gov.in లో దొరుకుతుంది. అందులో ఒక్కో గట్టు పొడవు మీటర్లలో రాసి ఉంటుంది. పటం గీతను నమ్మనక్కరలేకుండా ఆ అంకెలను నేరుగా చిత్రం మీద, ఆ తర్వాత టేపు పెట్టి నేల మీద సరిచూసుకోవచ్చు. విస్తీర్ణం మాత్రం హెక్టార్లు, ఆర్లలో ఉంటుంది. ఒక ఆరు అంటే వంద చదరపు మీటర్లు, దాదాపు రెండున్నర సెంట్లు. మహారాష్ట్ర, ఒడిశాల్లోనూ భూనక్షా పేరుతో ఊరి పటాలు తెర మీద చూసే వీలుంది. రాష్ట్రం మారితే కాగితం పేరు, కొలత లెక్క మారుతాయి. పటం కూర్చోబెట్టే పద్ధతి, దాని హద్దు మారవు.

రెండున్నర ఎకరాలకు పెట్టే డబ్బు ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టినది. పహణీ చదివించుకున్నట్టే ఊరి పటం కూడా ఒక్కసారి పరిచి చూసుకుంటే, కనీసం కొంటున్నది పొలమో వంకో ముందే తెలుస్తుంది.